ఖో-ఖోలో తరమడం, తప్పించుకోవడం: నాలుగు గడుల చిన్న కోర్టులో 6, 7, 8 తరగతులకు నేర్పే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల అప్పర్ ప్రైమరీ బడుల్లో ఆటల పీరియడ్ చూసే ఉపాధ్యాయులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. పిల్లలకు ఖో-ఖో నియమాలు తెలుసు. కోర్టులోకి దిగితే మాత్రం ఒకడు తరుముతుంటాడు, ఒకడు పరిగెత్తుతుంటాడు, మిగతా ఎనిమిది మంది కూర్చుని చూస్తుంటారు. ఖో ఇచ్చేసరికి రన్నర్ ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటాడు. దీన్ని ఎలా సరిచేయాలి?

కారణం పిల్లల వేగం కాదు. పెద్ద కోర్టులో ఒక్కో పిల్లవాడికి నిర్ణయం తీసుకునే అవకాశం పీరియడ్ మొత్తంలో రెండు మూడు సార్లే వస్తుంది. అన్నిసార్లకు ఎవరికీ ఏదీ పట్టుబడదు. అందుకే గడులు నాలుగుకు తగ్గించి, రన్నర్‌ను ఒక్కరినే పెట్టి, ప్రతి పిల్లవాడికీ అదే నిర్ణయం పదే పదే ఎదురయ్యేలా ఆడించాలి. ఈ మార్గదర్శిలో ఉన్నది ఆ ఒక్క నిర్ణయమే: రన్నర్ నడిమి గీత దాటి అవతలికి పోయే క్షణంలో ఛేజర్ ఏం చేయాలి, రన్నర్ ఏం చేయాలి.

## 1. ముందు ఉపాధ్యాయుడికి స్పష్టంగా ఉండాల్సింది

కోర్టు మధ్యలో పొడవునా ఉండేది నడిమి గీత. ఒక్కో గడి మీదుగా దాన్ని అడ్డంగా కోస్తూ పోయేది అడ్డగీత. పక్కపక్క గడుల్లోవాళ్ళు ఒకరు ఇటు, ఒకరు అటు చూస్తూ కూర్చుంటారు. ఛేజర్ నడిమి గీత దాటకూడదు. ఒక దిక్కు పట్టాక అటు చివరి పోల్ దాటేదాకా వెనక్కి తిరగకూడదు. రన్నర్‌కు ఈ రెండు కట్టుబాట్లూ లేవు.

వీటి నుంచి రెండు సంగతులు తేలతాయి. పిల్లలకు చెప్పాల్సిన వ్యూహమంతా ఈ రెండిట్లోనే ఉంది.

ఒకటి, ఖో వెనక నుంచే ఇవ్వాలి. కాబట్టి ఛేజర్ ఏ వైపున పరిగెత్తుతున్నా, తనకు వీపు కనబడుతున్నవాళ్ళకే ఖో ఇవ్వగలడు. వాళ్ళ మొహం అవతలి వైపుకే ఉంటుంది. రన్నర్ పారిపోయింది కూడా అవతలికే.

రెండు, ఒక గడి అడ్డగీతను ఛేజర్ పూర్తిగా వదిలి ముందుకు పోయాక ఆ గడిలోవాడికి ఖో ఇవ్వకూడదు. వెనక కాలు ఇంకా అడ్డగీతకు ఆని ఉంటే ఇవ్వొచ్చు. ఆ కాలు లేచిందంటే ఆ గడి చేజారినట్టే.

అంటే అడ్డగీత ఛేజర్‌కు చివరి అవకాశం. రన్నర్‌కు అదే గీత పచ్చజెండా. ఇద్దరి పాఠమూ ఒకే గీత మీద ఉంది కాబట్టి ఇద్దరికీ కలిపే నేర్పాలి. ఈ వారం తరమడం, వచ్చే వారం తప్పించుకోవడం అని విడదీస్తే రెండూ సగం సగమే వస్తాయి.

## 2. నేల, గీతలు, సామాను

ఒక చిన్న కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. నడిమి గీత మీద ఒక కొస నుంచి మరో కొసకు 10 మీటర్లు కొలవండి. మొదటి కొస నుంచి 2, 4, 6, 8 మీటర్ల దగ్గర నాలుగు గడులు వస్తాయి. గడి 30 సెంటీమీటర్ల చదరం. కొసలకు అవతల ఒక్కో మీటరున్నర ఖాళీ వదలండి. నడిమి గీతకు అటూ ఇటూ 4 మీటర్ల చొప్పున వెడల్పు ఉంటుంది.

పోల్ ఇప్పుడే వద్దు. రెండు కొసల్లోనూ మీటరు వెడల్పు వృత్తం గీయండి. ఛేజర్ ఆ వృత్తంలో కాలు పెట్టాకే దిక్కు గానీ వైపు గానీ మార్చుకోవాలి. కదిలే బకెట్లో కర్ర పాతి పోల్ అనిపిస్తే పిల్లలు దాన్ని పట్టుకుని తిరగబోయి పడతారు.

నేలను బట్టి గీత మారుతుంది. ఉదయగిరి, మర్రిపాడు వైపు ఎర్ర గరప నేలలో ముగ్గుపిండి చక్కగా నిలుస్తుంది. కాకపోతే సన్న రాళ్ళు ఏరించాలి, ఎందుకంటే పిల్లలు మోకాళ్ళు, అరచేతులు ఆనించేది ఆ నేల మీదే. కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో ఇసుక మీద పొడి నిలవదు. కర్రతో లోతుగా గీసి, ఆ గీత మీద నీళ్ళు చల్లితే పీరియడంతా కనబడుతుంది. నల్లరేగడిలో ఎండాకాలం నెర్రెలు విడుస్తాయి. నెర్రెలున్న చోట మట్టి కొట్టించి పూడ్చకుండా ఆడించొద్దు, మడమ ఇరుక్కుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు. నేల పైపైన ఆరినట్టు కనబడినా కాలితో గట్టిగా ఈడ్చి చూడండి. జారితే ఆ రోజు మొదటి ఆట వరకే, అదీ నడకలోనే చేయించండి.

పీరియడ్‌కు ముందు చూసుకోవాల్సినవి:

- సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరుకాయలు ఏరేశారా? కోర్టు బయట రెండు మీటర్ల దాకా ఏరాలి.
- అందరూ బూట్లతోనా, అందరూ వట్టి కాళ్ళతోనా? కలిపి ఆడిస్తే వట్టికాళ్ళవాళ్ళ వేళ్ళు నలుగుతాయి.
- గాజులు, పట్టీలు తీశారా? చున్నీలు తీసి పక్కన పెట్టారా? గోళ్ళు కత్తిరించారా?
- కోర్టుకు ఒక రిబ్బన్, ఒక బొగ్గుముక్క, లెక్క రాయడానికి ఒక అట్ట ఉన్నాయా?
- మధ్యాహ్న భోజనమయ్యాక కనీసం గంట గడిచిందా?

## 3. పిల్లల్ని పంచడం

కోర్టుకు తొమ్మిది మంది. నలుగురు గడుల్లో, ఒకరు ఛేజర్, ముగ్గురు వరుసగా వచ్చే రన్నర్లు, ఒకరు లెక్కరాసేవారు. 36 మంది తరగతికి నాలుగు కోర్టులు చాలు. కోర్టుకూ కోర్టుకూ మధ్య మూడు మీటర్లు వదలండి. తరగతిలో అంతకు మించి పిల్లలుంటే మిగిలినవాళ్ళను రెండో లెక్కగాళ్ళుగా పెట్టండి, ఫౌళ్ళు చూసే పని వాళ్ళది.

రన్నర్ ఆట ఒక నిమిషం. అవుటైనా, నిమిషం అయినా తర్వాతి రన్నర్ దిగుతాడు. ముగ్గురూ అయ్యాక ఆ ముగ్గురు, లెక్కరాసినవారు కలిసి గడుల్లో కూర్చుంటారు. గడుల్లోని నలుగురు వీళ్ళ పనిలోకి వస్తారు. ఛేజర్‌గా మొదలుపెట్టేవాణ్ణి రౌండ్‌కొకరిని మార్చండి.

జట్లను వేగాన్ని బట్టి కలపండి. ఎనిమిదో తరగతిలో బాగా పరిగెత్తే పిల్లను ఆరో తరగతి పిల్ల తరిమితే ఇద్దరిలో ఎవరికీ నిర్ణయం తీసుకునే అవసరం రాదు.

## 4. మొదటి ఆట: వీపు లెక్క

ఇది నడకతో మొదలవుతుంది. రన్నర్ లేడు.

గడులకు 1 నుంచి 4 దాకా అంకెలు. మీ ఆవరణలో ఏముంటే దాన్ని బట్టి కొసలకు, వైపులకు పేర్లు పెట్టండి. ఇక్కడ ఒక కొస చెట్టు, మరో కొస గేటు, ఒక వైపు బడి, మరో వైపు రోడ్డు అనుకుందాం. 1, 3 గడులవాళ్ళు బడి వైపు చూస్తూ కూర్చుంటారు. 2, 4 గడులవాళ్ళు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటారు.

ఛేజర్ బడి వైపున చెట్టు నుంచి గేటుకు నడుస్తాడు. నడుస్తూ తనకు వీపు కనబడుతున్న తర్వాతి గడి అంకెను పైకి చెప్పాలి. "రెండు, రెండు" అంటూ వెళ్ళి, 2వ అడ్డగీత దాటగానే "నాలుగు, నాలుగు" అనాలి. ఉపాధ్యాయుడు ఎప్పుడు చప్పట్లు కొడితే అప్పుడు ఆ చెబుతున్న గడికే ఖో ఇవ్వాలి.

ఖో ఇచ్చేటప్పుడు చెయ్యి వీపుకు తగలడం, నోట "ఖో" రావడం ఒకేసారి జరగాలి. ఖో ఇచ్చినవాడు లేచినవాడి గడిలో, లేచినవాడు చూసిన వైపే చూస్తూ కూర్చోవాలి. ఇక్కడే సగం మంది పిల్లలు తడబడతారు. తాను పరిగెత్తిన వైపే మొహం పెట్టి కూర్చుంటారు, దాంతో వరుస చెడుతుంది. ప్రతి గడిలోనూ చూడాల్సిన వైపుకు ఒక బాణం గీస్తే ఈ తప్పు ఒక పీరియడ్‌లో పోతుంది.

కూర్చోవడం కూడా ఇప్పుడే దిద్దండి. గొంతుక్కూర్చుని, బరువు పాదాల ముందు భాగం మీద వేసి, చేతివేళ్ళు ముందు నేలకు ఆనించాలి. మడమల మీద చతికిలబడ్డ పిల్లవాడు లేవడానికి ముందు ఒకసారి ఊగి తీరతాడు. ఆ ఊగుడులోనే రన్నర్ మీటరు దూరం పోతాడు.

నడకలో తప్పు లేకుండా వచ్చాక మెల్లని పరుగులో చేయించండి. ఎక్కువ తరగతులకు ఒక పీరియడ్ సరిపోతుంది.

## 5. రెండో ఆట: అడ్డగీత దాటనివ్వు

ఇందులో కూర్చునేవాళ్ళు లేరు. గడుల్లో మనుషుల బదులు చున్నీ ముద్దో, పుస్తకాలు లేని సంచో పెట్టండి. కోర్టులో ఒక ఛేజర్, ఒక రన్నర్.

రన్నర్ బడి వైపున, నడిమి గీతకు చేతిదూరంలో, 2వ, 3వ గడుల మధ్య నిలబడతాడు. సరిగ్గా మధ్యలో కాదు. 3వ గడికి దగ్గరగా, 2వ అడ్డగీతకు మీటరున్నర దూరంలో నిలబడాలి. అక్కడ బొగ్గుతో చిన్న గుర్తు పెట్టండి. ఛేజర్ చెట్టు కొస నుంచి వస్తాడు.

ఛేజర్ 2వ అడ్డగీతను పూర్తిగా వదిలాక రన్నర్ నడిమి గీత దాటి తగలకుండా అవతలికి పోతే రన్నర్‌కు 2 పాయింట్లు. ఛేజర్ ఇంకా ఆ గీతను వదలక ముందే రన్నర్ దాటితే ఛేజర్‌కు 2 పాయింట్లు, ఎందుకంటే నిజమైన ఆటలో అతను అక్కడే 2వ గడికి ఖో ఇచ్చేసేవాడు. తాకితే ఛేజర్‌కు 3. ఛేజర్ గీత మీద ఆగి దాటకుండా బెదిరించవచ్చు. కానీ లెక్కరాసేవారు ఐదు లెక్కపెట్టేలోపు ఎవరో ఒకరు కదలాలి, లేకపోతే ఇద్దరికీ సున్నా.

మీటరున్నర ఎందుకంటే, రన్నర్ మూడు మీటర్ల దూరంలో ఉండగానే దాటితే ఛేజర్‌కు చూసి ఆలోచించే తీరిక దొరుకుతుంది. చేతికందే దూరం దాకా ఆగితే తప్పించుకునే చోటు ఉండదు. ఈ మీటరున్నరలో ఛేజర్ కాలు గీతను వదిలే క్షణమే రన్నర్ బయలుదేరే క్షణం. రెండూ ఒకేసారి పడాలి.

డాడ్జ్ ఇలా చేయించండి. రన్నర్ మొహం ఛేజర్ వైపే ఉండాలి, మోకాళ్ళు కొద్దిగా వంగి ఉండాలి. ముందు నడిమి గీతకు దూరంగా, కోర్టు పక్కగీత వైపుకు ఒక పొట్టి అడుగు వేయాలి. కాలితోపాటు భుజం కూడా అటు వెళ్ళాలి. ఒట్టి కాలు మాత్రమే వేస్తే ఛేజర్ నమ్మడు. ఆ కాలితోనే నేలను తన్ని, వెంటనే గడుల మధ్య సందులోంచి అవతలికి పోవాలి. కళ్ళు ఛేజర్ చేతుల మీద పెట్టొద్దు. చేతులు ఎటైనా ఊపి మోసం చేయొచ్చు, నడుము అలా చేయలేదు. రన్నర్ చూపు నడుము మీద, దాని కింద కాలి మీద ఉండాలి.

రెండు లోపాలు తరచుగా కనబడతాయి. రన్నర్ వీపు తిప్పి పారిపోవడం మొదటిది. దాటాక ఛేజర్ ఎటున్నాడో చూడడానికి మళ్ళీ తిరగాల్సి వస్తుంది. దాటేటప్పుడు ఛాతీని ఛేజర్ వైపే ఉంచి పక్కకు నడిచినట్టు రెండడుగులు వేయించి అలవాటు చేయండి. రెండోది, సందులో సంచికి కాలు తగలడం. ఆటలో కూర్చున్నవాళ్ళను రన్నర్ తాకడం తప్పు, హెచ్చరిక తర్వాత మళ్ళీ తాకితే అవుట్. కాబట్టి సంచి కదిలితే రన్నర్‌కు ఒక పాయింట్ తగ్గించండి.

## 6. మూడో ఆట: నాలుగు గడులు, ఒక్క రన్నర్

ఇదే అసలు ఆట. ఎక్కువ పీరియడ్లు దీని మీదే పెట్టండి. గడుల్లో నలుగురు, ఒక ఛేజర్, ఒక రన్నర్, నిమిషం సమయం. అవుటైతే తరిమేవాళ్ళకు 3 పాయింట్లు. ప్రతి 15 సెకన్లు నిలిస్తే రన్నర్‌కు 1. తరిమేవాళ్ళు ఫౌల్ చేస్తే రన్నర్‌కు మరో 1.

ఒక సందర్భాన్ని తీసుకుని మొత్తం చూద్దాం.

ఛేజర్ బడి వైపున చెట్టు నుంచి గేటుకు వస్తున్నాడు. రన్నర్ 2, 3 గడుల మధ్య నుంచి రోడ్డు వైపుకు దాటాడు. ఛేజర్‌కు వీపులు కనబడుతున్నవాళ్ళు ఇద్దరు, 2 మరియు 4. ఇద్దరి మొహమూ రోడ్డు వైపుకే. ఎవరికి ఇవ్వాలి?

దాన్ని రన్నర్ మొహమే చెబుతుంది. దాటి అక్కడే ఆగి, ఛేజర్ వైపు చూస్తూ ఊగుతుంటే వెంటనే 2కు ఇవ్వాలి. 2వ గడివాడు లేచిన చోట నుంచి రన్నర్ ఒక్క అంగలో ఉంటాడు. అలా కాకుండా దాటగానే గేటు వైపు పరుగందుకుంటే, 2 లేచినా వెనక నుంచి తరమాల్సిందే. అప్పుడు ఛేజర్ ఖో ఇవ్వకుండా, బడి వైపు నుంచే రన్నర్‌కు సమానంగా పరుగెత్తాలి. రన్నర్ 4వ గడికి ఎదురుగా రాగానే 4కు ఖో ఇవ్వాలి. లేచినవాడికి రన్నర్ ఎదురుగానే దొరుకుతాడు.

ఛేజర్ 2ను వదిలి 4కు పోతున్నాడని చూసిన రన్నర్‌కూ ఒక మార్గం ఉంది. 3వ గడి దాటకముందే ఆగి చెట్టు వైపుకు వెనుదిరగడమే. 2వ గడి ఛేజర్ చేజారిపోయింది కాబట్టి ఇక అటు నుంచి ఎవరూ లేవరు. 4 లేచి వచ్చేసరికి రన్నర్‌కు రెండు మూడు మీటర్లు దొరుకుతాయి. చివరి గడి దాటి గేటు కొసకు పోతే మాత్రం చిక్కే. అక్కడ ఛేజర్‌కు ఖో అవసరమే ఉండదు, వృత్తంలో కాలు పెట్టి తనే రోడ్డు వైపుకు తిరిగి వస్తాడు.

దీన్ని మాటల్లో వివరించి వదిలేస్తే పిల్లలకు నిలవదు. ఆట మధ్యలో విజిల్ వేసి ఎక్కడివాళ్ళను అక్కడే నిలపండి. ఛేజర్‌ను అడగండి.

"నాయనా, నీకిప్పుడు ఎవరి వీపులు కనబడుతున్నాయి?"

"రెండు, నాలుగు సార్."

"రన్నర్ మొహం ఎటుంది?"

"గేటు వైపు సార్."

"మరి రెండుకెందుకు ఇచ్చావు?"

పిల్లవాడు కాసేపు చూస్తాడు, నాలుగో గడి వైపు చెయ్యి చూపిస్తాడు. అది చాలు. ఇంకేం వివరించకుండా మళ్ళీ విజిల్ వేసి, అక్కడి నుంచే ఆట కొనసాగించండి. రౌండ్‌లో ఒక్కసారికి మించి ఆపొద్దు. పదే పదే ఆపితే పిల్లలు విజిల్ కోసమే చూస్తుంటారు.

కూర్చున్నవాళ్ళకూ పనుంది. తల తిప్పుతూ రన్నర్‌ను చూస్తూనే ఉండాలి, ఖో పడితే చెట్టు వైపా గేటు వైపా అన్నది ముందే అనుకుని ఉండాలి. లేచి, భుజం తిప్పి ఒక దిక్కు పట్టాక మార్చుకోకూడదు. పరిగెత్తుతూ పట్టిన దిక్కు నుంచి భుజాలు లంబకోణానికి మించి వెనక్కి తిరిగినా ఫౌలే. ఆ దిక్కు ముందే అనుకున్న పిల్ల ఖో పడిన మరుక్షణం కదులుతుంది. అనుకోని పిల్ల లేచి నిలబడి చూస్తుంది. రెంటికీ తేడా బయటి నుంచి ఇట్టే కనబడుతుంది.

## 7. ఏది తప్పుతుందో, ఎలా పసిగట్టాలో

ఛేజర్ చెయ్యి వెనక్కి చాచి ఖో ఇస్తున్నాడు. అంటే అడ్డగీత దాటాక గుర్తొచ్చింది. అతని చూపు రన్నర్ మీదే ఉంది, ముందున్న వీపు మీద లేదు. ఒక రౌండ్ పాటు మొదటి ఆటలోలా అంకె పైకి చెబుతూ తరమమనండి. మూడో ఆటలో ఎక్కువగా కనబడే తప్పు ఇదే.

ఖో పడకముందే కూర్చున్నవాళ్ళు లేస్తున్నారు. ఛేజర్ "ఖో" ముందు అని, తర్వాత తాకుతున్నాడేమో చూడండి. చాలాసార్లు తప్పు లేచినవాడిది కాదు. ఛేజర్‌ను మెల్లగా పరిగెత్తించి, చెయ్యి తగలకుండా మాట రానివ్వొద్దని చెప్పండి.

లేచినవాడు ఎప్పుడూ ఒకే దిక్కుకు పోతున్నాడు. ఎక్కువగా కుడికి. బలమైన కాలు మీదే లేస్తున్నాడన్నమాట. అతణ్ణి రెండు మూడు రౌండ్లు అలవాటు లేని దిక్కు నుంచే రన్నర్ వచ్చే గడిలో కూర్చోబెట్టండి. అంటే కుడికి పోయేవాణ్ణి రన్నర్ ఎప్పుడూ ఎడమన దొరికే గడిలో.

రన్నర్ పక్కగీత వెంట గుండ్రంగా పరుగెత్తుతున్నాడు. డాడ్జ్ మీద నమ్మకం లేనివాళ్ళు ఇలా చేస్తారు. తిట్టొద్దు, వెడల్పు తగ్గించండి. నడిమి గీతకు ఇటూ అటూ 4 మీటర్ల బదులు 3 మీటర్లే ఉంచితే గుండ్రంగా పోవడానికి చోటుండదు, సందుల్లోంచి దాటక తప్పదు.

నిమిషంలో ఒక్కరూ అవుట్ కావడం లేదు. ఖోల లెక్క చూడండి. ఖోలు తక్కువగా ఉంటే ఛేజర్లు ఒంటరిగా తరుముతున్నారు. ఖోలు చాలా ఉండి కూడా అవుట్ లేకపోతే ప్రతిసారీ దగ్గరి గడికే ఇస్తున్నారు. రన్నర్ ప్రతి సందులో ఇటొకసారి అటొకసారి దాటుతూ చైన్ వేస్తుంటే అలాగే జరుగుతుంది. దాన్ని విడగొట్టాలంటే ఒక గడి వదిలి దాని తర్వాతి వీపుకు ఇవ్వాలి. పైన చెప్పిన 2, 4 లెక్క పనికొచ్చేది ఇక్కడే.

అందరూ వెంటవెంటనే అవుటవుతున్నారు. గడుల మధ్య దూరం 2 మీటర్ల నుంచి రెండు మీటర్ల పావుకు పెంచండి, కోర్టు పొడవు దాని ప్రకారం పెరుగుతుంది. ఆరో తరగతికి ఈ మార్పు చాలాసార్లు అవసరమవుతుంది.

## 8. నాలుగో ఆట: ఇద్దరు రన్నర్లు

మూడో ఆటలో వరుసగా మూడు రౌండ్లు రౌండ్‌కు రెండుకు మించి ఫౌళ్ళు లేకుండా ఆడితేనే దీనికి రండి.

రన్నర్లు ఇద్దరు ఒకేసారి దిగుతారు. ఒకరికి చేతికి రిబ్బన్. రిబ్బన్ రన్నర్ అవుటైతే 3 పాయింట్లు, రెండోవారు అవుటైతే 1. ఈ పాయింట్ల తేడా కావాలనే పెట్టింది. ఇద్దరు కనబడితే పిల్లలు దగ్గరున్నవాడి వెంట పడతారు, ఐదడుగులు పోయాక మనసు మార్చుకుంటారు, ఇద్దరూ అలిసిపోకుండా మిగులుతారు. రిబ్బన్ ఉంటే తరిమే ఐదుగురికీ గురి ఒకటే.

ఛేజర్ తరుముతున్న రన్నర్ ఉన్న సందులోకి రెండో రన్నర్ పోకూడదు. ఖాళీగా ఉన్న రన్నర్ ఎప్పుడూ అవతలి కొసకు దగ్గరగా, అయితే వృత్తం పక్కన కాకుండా నిలబడాలి. ఇద్దరూ ఒకే చోట చేరితే లేచిన ఛేజర్‌కు ఇద్దరూ ఒకేసారి అందుతారు. రెండో లెక్కగాడికి ఈ ఒక్క పని అప్పగించండి: ఇద్దరు రన్నర్లు ఒకే సందులో కనబడితే చెయ్యెత్తడం.

## 9. పెద్ద కోర్టుకు వెళ్ళేటప్పుడు

పూర్తి కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. పోల్ ఎత్తు 120 సెంటీమీటర్లు. గడులు ఎనిమిది, తరిమేవాళ్ళు తొమ్మిది మంది, రన్నర్లు మూడేసి మందిగా దిగుతారు. నాలుగు గడుల నుంచి ఒక్కసారిగా అక్కడికి దూకొద్దు. అదే కోర్టును రెండు గడుల మేర, అంటే 4 మీటర్లు పొడిగించి ఆరు గడులతో రెండు పీరియడ్లు ఆడించండి. అప్పుడు ఛేజర్‌కు మూడు వీపులు కనబడతాయి. వెనక దాటిపోయినవి తీసేస్తే మిగిలేవి రెండో ఒకటో. లెక్క మారలేదని పిల్లలకు అక్కడ అర్థమవుతుంది.

పెద్ద కోర్టులో మొదటి రోజుల్లో పోల్‌కు గోనెసంచి చుట్టి తాడుతో బిగించండి. పోల్ దగ్గర తిరగడం విడిగా నేర్పండి: పోల్‌కు దగ్గరి చేత్తో దాన్ని పట్టుకుని, బయటి కాలు దూరంగా వేసి, మోకాలు వంచి తిరగాలి. వృత్తానికి అలవాటుపడ్డ పిల్లలు పోల్‌కు మరీ దూరంగా తిరిగి రెండడుగులు పోగొట్టుకుంటారు.

పోటీల్లో ఒక్కో వంతు ఎన్ని నిమిషాలున్నా, ఈ వయసు పిల్లలకు సాధనలో మూడు నిమిషాలకు మించొద్దు. కాళ్ళు అలిసిన ఛేజర్ వీపుల లెక్క మానేసి రన్నర్ వెనకే పరిగెత్తడం మొదలుపెడతాడు. అలా కనబడిన వెంటనే ఆట ఆపి జట్లు మార్చండి. రెండు పెద్ద ఆటలకు ఒకసారి మళ్ళీ నాలుగు గడుల కోర్టులో పది నిమిషాలు మూడో ఆట పెట్టండి. ఆ రోజు లెక్కరాసే అట్ట మీద ఫౌళ్ళ పక్కన ఇంకో గడి గీసి, ఒక గడిని వదిలి తర్వాతి వీపుకు ఇచ్చిన ఖోలు ఎన్నో విడిగా రాయించండి. ఆ సంఖ్య పెరుగుతున్న జట్టును ముందు ఎనిమిది గడుల కోర్టుకు పంపండి.